చుక్కల వరుస

కంటికి ఆపరేషనైన వాళ్లను ఎవరైనా వెల్లకిలా పడుకుని విశ్రాంతి తీసుకోమంటారు. ఈవిడ అదృష్టం కొద్దీ డాక్టరు బోర్లా పడుకోమన్నాడు. కుడికంట్లో వెనక పొర ఊడింది. దాన్ని అతికించి, మళ్లీ లేవకుండా కంట్లో గాలిబుడగ పెట్టారు. బుడగ పైకి తేలాలనే చూస్తుంది కాబట్టి మొహం నేలకేసి ఉంటేనే అది వెనక పొరను నొక్కి పడుతుంది. తిండి, మాట, నిద్ర, అన్నీ వారం పాటు ఆ భంగిమలోనే సాగాలి. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రం. భూతద్దం పెడితే ఒక్కో అక్షరం కూడబలుక్కోగలదు, అంతకుమించి కాదు. అది కూడా వద్దు, కళ్లు అటూ ఇటూ పరిగెత్తించకండి అని చెప్పి పంపాడు డాక్టరు.

ఆవిడ వారపత్రికలో నవలల మీద సమీక్షలు రాస్తుంది. రచయితలు చాటుగా ఆవిడను కత్తెరమ్మ అంటారు. ఇంట్లో నిజంగా కత్తెర పట్టేది భర్త. ఆయన దర్జీ. ముందుగదిలో మిషను, బల్ల, గోడకు వేలాడే చొక్కాలు ఆయనవి. పేరు మాత్రం ఆవిడకొచ్చింది. "నేను కత్తిరించినవి మళ్లీ కుడతాను. నువ్వు కుట్టవు. అంతే తేడా" అంటాడాయన, అదీ ఆవిడ మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చూసుకుని.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఎడిటరు ఫోను చేశాడు. ఫోను స్పీకర్లో పెట్టి భర్త దాన్ని ఆవిడ మొహం కింద నేల మీద ఉంచాడు.

"అమ్మా, ఎలా ఉన్నారు? ఆ నవల సంగతి..."

"ఎలా ఉంటాను? నేల పలకల్లో పగుళ్లు చూస్తున్నాను. నవల బల్ల మీదుంది, నేనిక్కడున్నాను."

"అది ఆడియోగా కూడా వచ్చిందండీ. విని రాసేయండి."

"వినడం చదవడమెలా అవుతుంది?"

"ఈ రోజుల్లో అందరూ అదే చేస్తున్నారమ్మా. వచ్చే వారం సంచిక దాటితే మళ్లీ నెల దాకా మనకి పేజీ లేదు. ఆ అబ్బాయికిది మొదటి పుస్తకం. రెండోది పబ్లిషరు దగ్గర పడుంది. మీ సమీక్ష చూశాకే వేసేదీ మానేదీ చెప్తానన్నాడట. పాపం, ఆ అబ్బాయి రోజూ నాకు ఫోను చేస్తున్నాడు."

"నేను పాపం చూసి రాయను."

"తెలుసమ్మా. అందుకేగా ఆ పబ్లిషరు మీ సమీక్ష కోసం ఆగాడు."

ఇలా పొగిడితే ఆవిడ పడిపోతుందని ఎడిటరుకు తెలుసు. పడిపోయింది. పడడానికి ఇంక కింద చోటు లేకపోయినా.

భర్త పాత బొంతను చించి, మధ్యలో మొహం పట్టేంత సందు వదిలి, గుర్రపునాడా ఆకారంలో దిండు కుట్టాడు. నుదురు ఒరుసుకోకుండా పైన మెత్తని పలచటి గుడ్డ వేసి కనపడకుండా కుట్టు దాచాడు. ఆవిడ అందులో మొహం పెట్టి, "దూది ఓ పక్క ఎక్కువైంది" అంది. ఆయన మారు మాట్లాడకుండా విప్పి మళ్లీ కుట్టాడు. కాపురం చేసిన మనిషికి ఎక్కడ ఊరుకోవాలో తెలుస్తుంది.

నవల మొదలైంది. చదివేది ఒక ఆడగొంతు. మంచి గొంతే. మరీ మంచిది. మనిషి మనిషికీ గొంతు మార్చేస్తోంది. ముసలి అత్తగారికి వణుకు, కోడలికి మెత్తదనం, కొడుక్కి అడుగు నుంచి లాగినట్టున్న బొంగురు. ఆవిడకు మొదటి పది నిమిషాల్లోనే తిక్కపుట్టింది. చదివేటప్పుడు పాత్రల గొంతులు తను కట్టుకునేది. ఇక్కడ ఎవరో కట్టిపెట్టి, తొడుక్కోమని చేతికిస్తున్నారు.

"మిషను ఆపండి, వినపడట్లేదు."

ఆయన ఆపాడు. అప్పటికి రెండు వాక్యాలు పోయాయి. వెనక్కి వెళ్లే గుర్తు ఏదో ఆవిడకు కనపడదు. ఆయన వచ్చి నొక్కాడు. ఒక్కో నొక్కుకు పదిహేను సెకన్లు వెనక్కి వెళుతుందట. ఆయన రెండుసార్లు నొక్కితే విన్నదే మళ్లీ వచ్చింది. ఒకసారి నొక్కితే కావాల్సింది దాటిపోయింది. పుస్తకమైతే కుడిపక్క పేజీలో పైనుంచి నాలుగో వరుస అని కళ్లే వెళ్లి వాలేవి. ఇక్కడ పైనా లేదు, కిందా లేదు. మాట పుట్టిన చోటే చచ్చిపోతుంది.

"వీడెవడు, ఈ మేనల్లుడు? ముందు వచ్చాడా?"

"వచ్చాడుగా, గొడుగు పట్టుకెళ్లినవాడు" అన్నాడాయన గుమ్మం దగ్గర పీట మీద కూచుని. మిషను వద్దంది కాబట్టి చేతిపని తెచ్చుకున్నాడు. చొక్కా గుండీలకు కాజాలు కుడుతున్నాడు. సూది లోపలికీ బయటికీ వెళ్తుంటే, చెవులు నవలకప్పగించి హాయిగా కూచున్నాడు. ఆవిడకు అది చూడ్డానికి లేదు గానీ దారం లాగిన చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఈ మనిషి జన్మలో నవల ముట్టుకోలేదు. పని మానుకుని కూచోవాలి కదా అనేవాడు. ఇప్పుడు పని మానకుండానే నవల ఇంటికొచ్చింది.

మధ్యాహ్నం ఆవిడకు కునుకు పట్టింది. పుస్తకమైతే గుండెల మీద పడి ఆగేది. ఇది ఆగలేదు. లేచేసరికి ముసలామె ఎందుకో అలిగి ఉంది, కొడుకు బతిమాలుతున్నాడు.

"ఏమైంది?"

"చాలా అయింది. చెప్పనా?"

"మీరు చెప్పడమేమిటి? వెనక్కి తిప్పండి."

"ఎంత వెనక్కి?"

అదే తెలియదు. ఎన్ని పేజీలు అయ్యాయో, ఇంకెంత మిగిలిందో చేతికి బరువు తెలియడం లేదు. పుస్తకమైతే కథ ముడిపడుతోందో విడిపోతోందో కుడిచేతి కింద మందం చెప్పేది. ఇప్పుడు నవల ఎక్కడుందో గోడ గడియారాన్ని అడిగినట్టు ఫోన్ని అడగాలి. కథ తననెటు తీసుకెళ్తుంటే అటే పోవాలి, బస్సులో కిటికీ దొరకని ప్రయాణం లాగా.

అలాగని అంతా నష్టమే అంటే అబద్ధమవుతుంది. మర్నాడు ఒక అధ్యాయం వచ్చింది. మతిమరుపు ముదిరిన ఆ ముసలామె ఇల్లంతా తిరుగుతుంది. గిన్నె కోసం వెళ్లి, చీపురు పట్టుకుని, చీపురెందుకో మర్చిపోయి, చిన్నప్పటి చెల్లెల్ని పిలుస్తుంది. ఒకటే వాక్యం. ఎక్కడా ఆగదు. కాగితం మీదైతే ఆవిడ ఆ నల్లటి దిమ్మను చూసి, అబ్బాయి ప్రయోగం చేస్తున్నాడులే అని కళ్లతో దూకి అవతలి ఒడ్డున తేలేది. ముప్పై ఏళ్లలో అలా ఎన్ని దూకిందో. ఇక్కడ దూకడానికి వీల్లేదు. చదివే అమ్మాయి ఊపిరి ఎక్కడ తీసుకుందో కూడా తెలియలేదు. మాటలు ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని నడుస్తుంటే ఆ వాక్యంలో ఊయల ఊపు ఉందని ఆవిడకు తెలిసింది. రాసినవాడు చెవితో రాశాడు. కంటికి అది దొరికేది కాదు. ఆ సంగతి ఒప్పుకోవడం ఆవిడకు కష్టంగానే ఉంది.

"బాగుంది కదూ" అన్నాడాయన.

నవల చివరికొచ్చింది. వానపడే సాయంత్రం ముసలామె ఎప్పుడు వెళ్లిందో తెలియకుండా ఇల్లు దాటి వెళుతుంది. లోపల ఎవరో తలుపు గడియ వేస్తారు. ఆమె తిరిగొచ్చి తడుతుంది. వాన హోరులో ఎవరికీ వినపడదు. పొద్దున మెట్టు మీద చనిపోయి ఉంటుంది. కర్మకాండ ముగిసిన రోజు కొడుకూ కోడలూ ఇద్దరూ చీకట్లో కూచుంటారు. అక్కడ కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఆ బొంగురు గొంతు మెల్లగా అంది: "గడియ నేనే వేశాను." అంతే, నవల అయిపోయింది.

కాజా మీద ఆయన సూది ఆగింది. కాసేపటికి ముక్కు చీదాడు.

"ఏమిటి?"

"ఏం లేదు. కన్నతల్లి. తన చేత్తో గడియ వేశాడు. పెళ్లాం మీద అనుమానం రాకుండా తప్పు నెత్తినేసుకున్నాడు చూడు, మగాడంటే వాడు."

ఆవిడకు ఒళ్లు మండింది. సరిగ్గా అదే ఆవిడ అభ్యంతరం. రెండొందల పేజీలు అత్తాకోడళ్ల మధ్య అంత సందేహం నింపి, చివర కొడుకు చేత ఒప్పించేసి, కోడల్ని కడిగిన ముత్యం చేసి, పాఠకుడి చేతికి కన్నీళ్లు తుడుచుకునే రుమాలిచ్చి పంపుతాడా. "కాగితాలు తీసుకోండి. చెప్తాను, రాయండి" అంది.

ఆయన బల్ల మీద బట్టలు పక్కకు నెట్టి కూచున్నాడు. ఆవిడ నేలకు చెప్పింది, ఆయన రాశాడు. రచయితకు ధైర్యం చాలలేదంది. ముగింపులో పాఠకుడి నోట్లో ముద్ద కలిపి పెట్టాడంది. చదువూ సంధ్యా లేని ముసలామె చేత తత్వం పలికించాడని, 'ఈ ఇంటికి అర్థం నేను కాదా?' అని ఆమె అడగడం పాత్రకు అతకలేదని ఒక పేరా నడిపింది. ఈ రచయిత రెండో పుస్తకానికి తొందరపడనక్కర్లేదన్నది చివరి వాక్యం. చెప్పేసరికి మెడనరాలు లాగేశాయి. అయినా చాలా రోజులకు పని చేసిన తృప్తి కలిగింది.

"చివరిది కాస్త గట్టిగా లేదూ?" అన్నాడాయన.

"గట్టిగా ఉండాలనే చెప్పాను. ఇప్పుడు కొటేషన్లు పుస్తకంలో చూసి సరిచేయండి. అక్షరం తేడా రాకూడదు, పేజీ నంబరు వేయాలి." ఇది ఆవిడ పద్ధతి. ఎవర్ని నరికినా వాళ్ల మాటలతోనే నరకాలి.

ఆయన వేలితో వరుసలు వెతుక్కుంటూ వెళ్లాడు. ముసలామె మాట దగ్గర ఆగాడు.

"నేనేమన్నా తప్పు రాశానా? ఇక్కడ ఒత్తులో చుక్క లేదు."

"ఏ ఒత్తు?"

"అర్థం. నేను చుక్క పెట్టాను. పుస్తకంలో లేదు."

ఆవిడ ఆ మాటను మనసులో రెండు రకాలుగా రాసుకుంది. చుక్క ఉంటే అర్థం. చుక్క లేకపోతే అర్ధం. సగం. ఈ ఇంటికి సగం నేను కాదా అని అడిగింది ముసలామె. తత్వం కాదు, వాటా. ఎంత చదువులేని మనిషైనా అడిగే మాటే అది. చదివే అమ్మాయి తప్పేమీ లేదు, మనలో ఆ రెంటినీ వేరుగా పలికేవాళ్లెవరు. అక్షరానికి తెలిసిన తేడా నోటికి తెలియదు.

"ఆ పేరా కొట్టేయండి" అంది.

"మొత్తమా?"

"మొత్తం. ఇప్పుడు చివరి పేజీ చూడండి. 'గడియ నేనే వేశాను' అన్నాడు అతను. అలాగే ఉందా?"

పేజీ తిరిగిన చప్పుడు వినిపించింది.

"అన్నాడు అని లేదే."

"పైన చూడండి, ఉంటుంది."

"అయిదు వరుసల పైన ఒకటుంది, ఆ తర్వాత లేదు. ఉత్త మాటలే ఉన్నాయి. అన్నాడూ లేదు, అందీ లేదు."

"ఉన్నదున్నట్టు చదవండి. చుక్కలతో సహా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "'దీపం వెలిగించనా?' అన్నాడతను. కింద, 'వద్దు.' దాని కింద, 'వాన తగ్గింది.' దాని కింద, 'తగ్గింది.' తర్వాత వరుసలో ఉత్త చుక్కలు. తర్వాత, 'గడియ నేనే వేశాను.' అయిపోయింది."

"చుక్కలకు అటూ ఇటూ కొటేషను గుర్తులున్నాయా?"

"లేవు. అడ్డంగా ఒక వరుస చుక్కలు, అంతే."

ఆవిడ వేళ్లు మడిచి పైకే లెక్కపెట్టింది. దీపం అన్నది అతను. వద్దన్నది ఆమె. వాన అతను. తగ్గిందన్నది ఆమె. ఇప్పుడు వంతు అతనిది. చుక్కలు ఎవరివీ కాని మౌనమైతే, గడియ వేసింది అతను. చుక్కలే అతని వంతైతే, అంటే అతను జవాబివ్వలేక ఊరుకుని ఉంటే, ఆ తర్వాతి మాట ఆమెది. 'వేశాను' అనే మాటలో ఆడా లేదు, మగా లేదు. రచయిత ఆ ఒక్క క్రియను నమ్ముకుని రెండొందల పేజీలు కట్టాడు. కాగితం మీద ఆ చుక్కలు ఒక ప్రశ్న. చెవికి అవి కాసేపు నిశ్శబ్దం, అంతే. ఆ నిశ్శబ్దం తర్వాత చదివే అమ్మాయి ఏదో ఒక గొంతుతో మాట్లాడాలి కదా. ఆమె బొంగురు గొంతు ఎంచుకుంది. ముద్ద కలిపి పెట్టింది రచయిత కాదు.

"చింపేయండి" అంది.

"ఏది?"

"రాసిందంతా. నాకు తెలియకుండా ఒక మనిషి మెడ కోయబోయాను."

ఆయన చింపలేదు. మడిచి బల్ల కింద పెట్టాడు. "అయితే నేను ఏడ్చింది వేస్టా?" అన్నాడు, కొంచెం కోపంగానే. "నేను అతనన్నాడనే కదా ఏడ్చాను. చెవులారా విన్నాను."

"మీరు విన్నది ఆ అమ్మాయి అభిప్రాయం."

"బాగా చెప్పిందిగా మరి."

"బాగా చెప్పింది కాబట్టే వచ్చింది తంటా. ఇప్పుడు మీరు ఆ వాక్యం ఎవరి గొంతూ లేకుండా చదవండి, వింటాను."

"గడియ నేనే వేశాను" అన్నాడాయన.

"అది మగాడు."

"నేను మగాణ్ణే కదోయ్."

"మెత్తగా చదవండి."

మెత్తగా చదివితే కోడలైంది. చప్పగా చదివితే బస్సు టికెట్టు మీద రాసింది చదివినట్టుంది. గుసగుసగా చదివితే దొంగతనం ఒప్పుకున్నట్టుంది. ఎలా చదివినా ఎవరో ఒకరు గడియ వేస్తూనే ఉన్నారు. ఆవిడ విసుక్కుంది, ఆయన అంతకంటే విసుక్కున్నాడు. ఇదంతా నా వల్ల కాదు, ఇస్త్రీకి చొక్కాలు పడున్నాయి అన్నాడు. ఈలోగా ఎడిటరు ఫోను. సాయంత్రానికి పంపకపోతే ఆ చోటులో ఇంకేదో వేసేస్తానన్నాడు. "మామూలుగా ఘాటుగానే ఉందా అమ్మా?" అని ఆశగా అడిగాడు. ఆవిడ పంపుతానని చెప్పి ఫోను పెట్టేయించింది.

"భూతద్దం తీసుకురండి."

"డాక్టరు వద్దన్నాడు."

"ఒక్క వరుస. కళ్లు పరిగెత్తించను. మీరే పుస్తకం జరపండి."

ఆయన గొణుక్కుంటూ వచ్చి, నేల మీద పక్కకు ఒరిగి, పుస్తకం తెరిచి ఆవిడ మొహం కింద పెట్టాడు. అద్దం మీద వెలుగు పడేట్టు టార్చి పట్టుకున్నాడు. ఎడమ కంటికి చుక్కలు కనపడ్డాయి, ఒక్కోటీ మిరియం గింజంత. ఆయన పుస్తకాన్ని ఒక వేలెడు పైకి జరిపాడు. గ. డి. య. ఇప్పుడు దొరుకుతుందనుకుంది. అక్షరానికి గొంతుండదు, అది ఆవిడ ముప్పై ఏళ్ల నమ్మకం. నే. నే. అక్షరాలు కలిసి మాటలయ్యాయి, మాటలు కలిసీ కలవగానే లోపలి నుంచి ఆ బొంగురు గొంతు చదివింది. ఆవిడ కన్ను మూసుకుని మళ్లీ తెరిచింది. మళ్లీ అదే. కోడలి మొహాన్ని కష్టపడి ముందు నిలబెట్టుకుని చదివింది. కోడలు కూడా బొంగురు గొంతుతోనే పలికింది.

"తీసేయండి" అంది. ఏడిస్తే కంటికి మంచిది కాదని గుర్తొచ్చి ఏడుపు ఆపుకుంది. "నాకింక ఆ వాక్యం లేదు. చెడిపోయింది. ఎప్పటికీ ఆ అమ్మాయే చదువుతుంది."

ఆయన పుస్తకం తీశాడు గానీ మూయలేదు. గోడకు ఆనుకుని, టార్చి వెలుగులోనే ఆ పేజీ చూస్తూ కూచున్నాడు. పెదాలు కదలడం లేదు.

"నాకు విచిత్రంగా ఉందోయ్" అన్నాడు చాలాసేపటికి. "పొద్దున అతను అనుకుని ఏడ్చానా. ఇందాక నువ్వు వేళ్లు మడిచాక చూస్తే, ఆమే. ఆమే అయితే మరి అతను ఆ చుక్కల దగ్గర ఏం ఆలోచించి ఉంటాడు? అమ్మను గురించా, ఈమెను గురించా? సరే ఆమే అని స్థిరపడి మళ్లీ పైనుంచి చదివితే, ఈసారి అతను. నిలవనివ్వట్లేదు. ఇద్దరిలో ఎవరన్నా రెండో వాళ్లను కాయడానికి అబద్ధమాడి ఉండచ్చు కూడా."

ఆ మూడో సంగతి ఆవిడకు తట్టలేదు. ఆవిడకు నిజంగానే అసూయ కలిగింది. ఇలా నిలవనివ్వని పేజీ కోసం ఏళ్ల తరబడి చెత్తంతా చదివింది. అది చివరికి తన ఇంటికే వచ్చి, తనను దాటుకుని, కాజాలు కుట్టుకునే మనిషి ఒళ్లో కూచుంది. ఆయన్ను ఇన్నేళ్లలో ఒక్క పుస్తకం గురించి అడిగిన పాపాన పోలేదు.

"కొత్త కాగితం తీసుకోండి" అంది.

"చెప్పు."

"నేను చెప్పను. మీరు చెప్పండి. ఊయల లాంటి ఆ పెద్ద వాక్యం గురించి నేను చెప్తాను, అది నేను విన్నాను. ఈ పేజీ మాత్రం మీరే చెప్పి మీరే రాయండి. ఇప్పుడు నాతో అన్నట్టే."

"నాకు రాతేం తెలుసు? జనం నవ్వుతారు."

"నేను దిద్దనులెండి."

ఆయన నమ్మలేదు. కాసేపు కలం తిప్పుకుంటూ కూచుని, ఒక వాక్యం రాసి, పైకి చదివాడు. "ఈ పేజీ మొదటిసారి విన్నప్పుడు ఏడ్చాను, రెండోసారి చూసినప్పుడు ఎందుకేడ్చానో తెలియలేదు." చదివి, కొట్టేయబోయి ఆగాడు.

"ఇది కుదరదోయ్. కింద నీ పేరుంటుంది. ఏడ్చాను అంటే నువ్వే ఏడ్చావనుకుంటారు."

"అనుకోనివ్వండి" అంది. "తర్వాత?"